నకిరేకల్ డాబా మీదికి ఎంత పొడవు నిచ్చెన, గోడకు ఎంత దూరంలో?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. డాబా మీదికి మెట్లు కట్టించలేదు. నీళ్ల ట్యాంకు కడగడానికి అప్పుడప్పుడు పైకి ఎక్కాలి. గది ఎత్తు పది అడుగులు, పిట్టగోడ మూడు అడుగులు, మొత్తం పదమూడు కదా అని 14 అడుగుల అల్యూమినియం నిచ్చెన కొందామనుకుంటున్నాను. ఇంటి వెనక గోడకూ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందు ఉంది, అక్కడ పెట్టాలని ఆలోచన. ముందు వాకిట్లో తాండూరు బండలు పరిచాం, అక్కడి నుంచి ఇంట్లోకి నాలుగు మెట్లు. నిచ్చెన ఎంత పొడవుండాలి? గోడకు ఎంత దూరంలో పెట్టాలి?

జవాబు: 14 అడుగులది కొనకండి. మీ ఇంటికి 20 అడుగుల నిచ్చెన కావాలి. దాని కాళ్లు పిట్టగోడ అంచుకు సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి 4 అడుగుల దూరంలో ఉండాలి. వెనక సందు పనికిరాదు, ముందు వాకిట్లోనే పెట్టండి. అయితే బండల మీద కాళ్లు జారకుండా కట్టిన తర్వాతే ఎక్కాలి. ఈ లెక్క ఎలా వచ్చిందో వివరంగా చెబుతాను. ఎందుకంటే రేపు ఇదే నిచ్చెనను పక్కింటి గోడకో, పశువుల కొట్టానికో వేయాల్సి వస్తే ఈ అంకెలు పనికిరావు, లెక్క మాత్రం పనికొస్తుంది.

ముందుగా ఎత్తు సంగతి. మీరు గది లోపలి ఎత్తు తీసుకున్నారు. నిచ్చెన నిలబడేది గదిలో కాదు, వాకిట్లో. వాకిటి నుంచి ఇంట్లోకి నాలుగు మెట్లున్నాయని మీరే రాశారు. ఒక్కో మెట్టు 6 అంగుళాలు అనుకున్నా 2 అడుగులు అక్కడే పెరిగింది. గది 10 అడుగులు. స్లాబు మందం మన వైపు ఇళ్లకు సాధారణంగా 5 అంగుళాలు వేస్తారు. దాని మీద పిట్టగోడ 3 అడుగులు. అన్నీ కలిపితే 15 అడుగుల 5 అంగుళాలు. మీ లెక్కకూ దీనికీ రెండున్నర అడుగుల తేడా ఉంది. 14 అడుగుల నిచ్చెన నిటారుగా నిలబెట్టినా పిట్టగోడ అంచును తాకదు. ఇలా పొట్టి నిచ్చెన కొన్నవాళ్లు చివరికి దాన్ని ఇంటి మెట్ల మీదో, బల్ల మీదో, ఇటుకల మీదో నిలబెట్టడం చాలా ఇళ్లలో చూశాను. పొడవు తప్పితే ఆ తర్వాత చేసే ప్రతి పనీ తప్పుతుంది. అందుకే కొనే ముందు కొలత విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.

మెట్లు లేని డాబా కాబట్టి పై నుంచి టేపు వదిలి కొలవలేరు. దానికి మన దగ్గర మంచి ఉపాయం ఉంది. బోరు కోసం తెచ్చే పీవీసీ పైపు 20 అడుగుల పొడవుంటుంది. మీ ఇంట్లో లేకపోయినా వీధిలో ఎవరి పొలంలోనైనా ఒకటి దొరుకుతుంది. దాన్ని నిచ్చెన వేయబోయే చోట గోడకు ఆనించి నిటారుగా పట్టుకోండి. కొంచెం దూరంలో ఒకరు నిలబడి పిట్టగోడ అంచు పైపు మీద ఎక్కడికి వచ్చిందో చూసి చెబితే, పైపును దించి అక్కడి వరకు టేపుతో కొలవండి. ఇనుప పైపు మాత్రం ఎత్తకండి, కరెంటు తీగలకు తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది. ఇంకొక మాట. వాకిలి అంతా ఒకే మట్టంలో ఉండదు. నీళ్లు గేటు వైపు పోవడానికి వాలు ఇస్తారు. అందుకే కొలత నిచ్చెన వేసే చోటే తీసుకోవాలి, పక్కన తీసుకుంటే కుదరదు.

ఇప్పుడు వాలు. నేల మీద నిచ్చెన పాదం నుంచి అది పైన ఆనుకునే చోటు వరకు నిచ్చెన వెంబడి ఎంత పొడవుందో దానిలో నాలుగో వంతు దూరంలో పాదం ఉండాలి. ఇది చాలా దేశాల్లో పాటించే కొలత. అలా పెడితే నేలతో దాదాపు 75 డిగ్రీల కోణం వస్తుంది. ఆ కోణంలో నిచ్చెన పొడవు, గోడ ఎత్తు కన్నా చాలా కొద్దిగానే ఎక్కువ ఉంటుంది. ఎత్తుకు దానిలో ముప్పయ్యో వంతు కలిపితే చాలు. మీ 15 అడుగుల 5 అంగుళాలకు అర అడుగు కలపండి, 16 అడుగులు వచ్చింది. అంటే 16 అడుగుల దగ్గర నిచ్చెన పిట్టగోడ అంచును తాకుతుంది. పదహారులో నాలుగో వంతు 4 అడుగులు. పాదం దూరం అదే.

నిచ్చెన అక్కడితో ఆగిపోకూడదు. మీరు పని చేసి దిగిపోవడానికి ఎక్కడం లేదు, నిచ్చెన వదిలి డాబా మీదికి అడుగు పెట్టడానికి ఎక్కుతున్నారు. ఆ క్షణంలో చేతులకు పట్టు కావాలి. అందుకని ఆనుకునే అంచుకు పైన కనీసం 3 అడుగులు నిచ్చెన మిగలాలి. 16కు 3 కలిపితే 19. అంగడిలో దానికి దగ్గరగా దొరికేది 20 అడుగులది. పైన మిగిలే భాగం చేతులతో పట్టుకోవడానికే. అంచు కన్నా పై మెట్ల మీద కాలు పెట్టకూడదు. పెడితే అంచు ఇరుసులాగా పనిచేసి, పై భాగం లోపలికి వంగి, కింద పాదం నేల నుంచి లేస్తుంది. అలా లేచిన పాదం మళ్లీ అదే చోట పడుతుందన్న నమ్మకం లేదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నిచ్చెన 20 అడుగులు కదా అని దానిలో నాలుగో వంతు, 5 అడుగుల దూరంలో పాదం పెడతారు. పైకి పొడుచుకొచ్చిన భాగం వాలు లెక్కలోకి రాదు. తాకే చోటు వరకే లెక్క. మెట్లు అడుగుకొకటి చొప్పున ఉంటాయి కాబట్టి టేపు లేకపోయినా కింది నుంచి అంచు వరకు మెట్లు లెక్కపెట్టి నాలుగుతో భాగిస్తే సరి. 16 మెట్లయితే 4 అడుగుల దూరం. కొనేటప్పుడు మెట్ల మధ్య దూరం ఒకసారి కొలిచి చూడండి, కొన్ని వెదురు నిచ్చెనల్లో అది అడుగు కన్నా ఎక్కువ ఉంటుంది.

నిలబెట్టాక సరిచూసుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది. నిచ్చెన పాదాలకు మీ కాలి బొటనవేళ్లు ఆనించి నిటారుగా నిలబడండి. చేతులు భుజాల ఎత్తులో ముందుకు చాపండి. అరచేతులు ఎదురుగా ఉన్న మెట్టుకు హాయిగా అందితే వాలు సరిగ్గా ఉన్నట్టు. ముందుకు వంగితే తప్ప అందకపోతే పాదం గోడకు మరీ దూరంగా ఉంది. మోచేతులు మడవాల్సి వస్తే మరీ దగ్గరగా ఉంది.

పాదం 4 అడుగుల కన్నా ఇంకో అడుగు దూరం జరిగితే ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. ఒక అడుగుకు ఏమీ కాకపోవచ్చు. కానీ వాలు పెరిగేకొద్దీ పాదం మీద పడే భారం ఎలా మారుతుందో అర్థమైతే మీరే జాగ్రత్త పడతారు. ఎక్కే మనిషి 70 కిలోలు, నిచ్చెన 20 కిలోలు అనుకుందాం. రెండూ కలిపి 90 కిలోల బరువు నేల మీద పడుతుంది. అదే సమయంలో నిచ్చెన పై భాగం గోడను నెడుతుంది, గోడ దాన్ని తిరిగి నెడుతుంది. ఆ నెట్టే బలమే పాదాన్ని గోడ నుంచి దూరంగా జరపాలని చూస్తుంది. దాన్ని ఆపేది నేలకూ పాదానికీ మధ్య ఉన్న పట్టు ఒక్కటే. గోడ దగ్గర కూడా కొంత రాపిడి ఉంటుంది కానీ దాని మీద భరోసా పెట్టుకోకూడదు.

మీ నిచ్చెనను 4 అడుగుల దూరంలో పెట్టారనుకోండి. మీరు మొదటి మెట్టు మీద ఉన్నప్పుడు పాదాన్ని బయటికి నెట్టే బలం 4 కిలోల పైచిలుకు. పైకి ఎక్కేకొద్దీ అది పెరుగుతూ అంచు దగ్గరికి చేరేసరికి 21 కిలోలు అవుతుంది. 90 కిలోల బరువులో ఇది నాలుగో వంతు కన్నా తక్కువ. శుభ్రంగా, పొడిగా ఉన్న నేల మీద మంచి రబ్బరు పాదం దీన్ని తేలికగా ఆపుతుంది. అదే నిచ్చెనను 9 అడుగుల దూరంలో వేస్తే కోణం 60 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు మొదటి మెట్టు మీద బలం దాదాపు 9 కిలోలు, పైన అంచు దగ్గర 47 కిలోలు. అంటే మొత్తం బరువులో సగానికి పైన. నేల అంత పట్టు ఇవ్వకపోతే నిచ్చెన నిలబడదు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. బండల మీద కాస్త దుమ్ము ఉండి, పట్టు బరువులో 30 శాతమే ఉందనుకుందాం. 90 కిలోలకు అది 27 కిలోలు. 60 డిగ్రీల వాలులో మొదటి మెట్టు ఎక్కి కాళ్లతో అదిమి చూస్తే నిచ్చెన కదలదు, ఎందుకంటే అక్కడ కావలసింది 9 కిలోలే. "గట్టిగానే ఉంది" అనుకుని ఎక్కుతారు. ఐదో మెట్టు దగ్గరా ఏమీ కాదు. తొమ్మిదో మెట్టు దగ్గర, నేలకు సుమారు 8 అడుగుల ఎత్తులో, నెట్టే బలం 27 కిలోలు దాటుతుంది. పాదం ఒక్కసారిగా జారిపోతుంది. కింది మెట్టు మీద ఎగిరి చూసే పరీక్ష నేల మెత్తగా ఉంటే పాదం దిగబడి కుదురుకోవడానికి పనికొస్తుందేమో కానీ, జారుతుందో లేదో చెప్పదు. నిచ్చెన జారేది మనిషి పైన ఉన్నప్పుడే.

జారడం మొదలైతే మధ్యలో ఆగదు. పాదం కొంచెం జరగగానే వాలు ఇంకా పెరుగుతుంది, దానితో నెట్టే బలమూ పెరుగుతుంది. పైగా కదులుతున్న పాదానికి నిలబడి ఉన్న పాదానికి ఉన్నంత పట్టు ఉండదు. రెండూ కలిసి అంతా రెప్పపాటులో అయిపోతుంది. పైన ఉన్నవాళ్లకు ఏదైనా పట్టుకునే వ్యవధి ఉండదు.

మీ వాకిట్లో ఉన్నవి తాండూరు బండలు కాబట్టి ఈ విషయం కొంచెం ఎక్కువగా చెబుతాను. ఆ రాయి కొత్తగా పరిచినప్పుడు గరుకుగానే ఉంటుంది. పాలిష్ చేయిస్తే, లేదా ఏళ్ల తరబడి నడిచి, కడిగి, తుడిచి వాడితే నున్నబడుతుంది. పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గు వేస్తారు కదా, ఆ ముగ్గు పిండి, దానితో కలిసిన సన్నటి మట్టి ఆరిపోయాక కంటికి కనిపించకుండా బండ మీద పలుచటి పొరగా ఉండిపోతుంది. చేతివేలితో గీస్తే వేలికి తెల్లగా అంటుతుంది. రబ్బరు పాదం ఆ పొర మీద నిలబడుతుంది తప్ప రాయిని పట్టుకోదు. అందుకే నిచ్చెన వేసే చోట రెండు చదరపు అడుగుల మేర తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత నిచ్చెనను తిప్పి పాదాల అడుగు చూడండి. రబ్బరుకు గీతలు, గాడులు స్పష్టంగా ఉండాలి. గాడులు అరిగి నున్నగా మెరుస్తున్నా, ఎండకు గట్టిపడి పగుళ్లు వచ్చినా రబ్బర్లు మార్చాలి. ఒక పాదానికి రబ్బరు ఊడిపోయి అల్యూమినియం నేరుగా రాయికి తగులుతుంటే ఆ నిచ్చెన ఎక్కకండి.

పాదాలు పెట్టాక వాటి చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. ముందు రెండు మూడు మెట్లు ఎక్కి దిగి, గీతను చూడండి. పాదం గీత నుంచి ఒక వెంట్రుకవాసి జరిగినా, బండ మీద నల్లటి రబ్బరు గీటు కనిపించినా ఆ చోటు మంచిది కాదు. ట్యాంకు కడిగి దిగిన ప్రతిసారీ కూడా చూడండి. గోడ వైపు కూడా ఇదే గుర్తు ఉంటుంది. పిట్టగోడ అంచు మీది సున్నం కిందికి గీరుకుపోయి ఉంటే నిచ్చెన కొద్దికొద్దిగా కిందికి జారుతోందన్నమాట.

గేటు దగ్గర ర్యాంపు మీద మాత్రం నిచ్చెన వేయకండి. వీధి వైపు వాలిన నేల అసలే జారడానికి సాయం చేస్తుంది. 5 డిగ్రీల వాలున్న ర్యాంపు మీద, పైన చెప్పిన సరైన కోణంలోనే పెట్టినా, కావలసిన పట్టు నాలుగో వంతు నుంచి మూడో వంతుకు పెరుగుతుంది. మట్టి నేల అయితే వేరే సమస్య. నల్లరేగడి వాన తర్వాత మెత్తబడి, బరువు పడిన కాలు ఒకటి దిగబడి నిచ్చెన పక్కకు ఒరుగుతుంది. అక్కడ రెండు కాళ్లకూ కలిపి ఒకే వెడల్పాటి చెక్క పలక వేయండి. ఒక కాలి కింద మాత్రం ఇటుక ముక్కలు పేర్చి మట్టం చేయకండి.

ఇక కట్టడం. మీరు చేయాల్సిన పనుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. పాదం గోడ నుంచి దూరంగా జరగకుండా ఆపాలంటే దాన్ని గోడ వైపు లాగి ఉంచే తాడు కావాలి. ముందు వాకిట్లో కిటికీ ఉంటుంది కదా, దాని గ్రిల్ కింది భాగానికి ఒక గట్టి నైలాన్ తాడు కట్టి, ఇంకో కొస నిచ్చెన కింది మెట్టుకు, రెండు నిలువు కమ్మీలకూ పట్టేలా బిగించండి. తాడు వీలైనంత నేలకు సమాంతరంగా, వదులు లేకుండా ఉండాలి. వదులుగా ఉంటే పాదం ఆ వదులంత జారి, అప్పుడు ఒక్కసారిగా గుంజుకుంటుంది. గ్రిల్ గోడలోకి గట్టిగా దిగి ఉందో లేదో ముందే లాగి చూడండి, చెక్క చౌకట్టుకు స్క్రూలతో బిగించినదైతే దాన్ని నమ్మకండి. కిటికీకి సన్‌షేడ్ ఉంటుంది కాబట్టి నిచ్చెనను సరిగ్గా కిటికీ ముందు కాకుండా దాని పక్కన ఖాళీ గోడకు వేయాలి. నిచ్చెన సన్‌షేడ్‌కు ఆనుకుంటే పైన అంచుకు తాకదు, వాలూ మారిపోతుంది.

స్లాబు గోడ కన్నా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే 4 అడుగులను గోడ నుంచి కొలవకూడదు. నిచ్చెన తాకే అంచు నుంచి నిట్టనిలువుగా కిందికి వచ్చే చోటు నుంచి కొలవాలి. అంచు గోడ కన్నా అడుగున్నర ముందుకు ఉంటే పాదం గోడకు ఐదున్నర అడుగుల దూరంలో ఉంటుంది. ఈ తేడా గమనించక గోడ నుంచే 4 అడుగులు కొలిస్తే నిచ్చెన దాదాపు నిటారుగా నిలబడుతుంది.

పై కట్టు కూడా కావాలి. మన ఊళ్లలో ఇంకో అంతస్తు వేయాలని పిల్లరు చువ్వలు పైకి వదిలేస్తారు. అవి మీ ఇంటికి ఉంటే నిచ్చెనను వాటికి దగ్గరగా వేయండి, పైన రెండు నిలువు కమ్మీలనూ చువ్వలకు కట్టవచ్చు. తుప్పు పట్టి ఊగే చువ్వ పనికిరాదు, చువ్వల కొసలు కళ్లకు, చేతులకు గుచ్చుకోకుండా వాటికి పాత పైపు ముక్కలు తొడగండి. చువ్వలు లేకపోతే స్లాబులోకి రెండు కొక్కాలు వేయించుకోండి. పిట్టగోడకు మాత్రం కట్టకండి. నాలుగించుల గోడ, అందులోనూ పాతదైతే, మనిషి బరువుతో గుంజితే ఊడివచ్చే అవకాశం ఉంది. సరైన వాలులో నిచ్చెన దాన్ని 21 కిలోల బలంతో నెడుతుంది, 60 డిగ్రీల వాలులో అది రెట్టింపు దాటుతుంది. ఆ గోడ పడకుండా ఉండాలన్నా వాలు సరిగ్గా ఉండాలి.

పై కట్టు వేయాలంటే ముందు ఒకరు ఎక్కాలి. ఆ మొదటి ఎక్కుడుకు కింద ఒక పెద్దమనిషి నిచ్చెన పట్టుకోవాలి. పట్టుకోవడమంటే పక్కన నిలబడి ఒక చేయి వేయడం కాదు. నిచ్చెనకు ఎదురుగా నిలబడి, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి, రెండు చేతులతో రెండు కమ్మీలను పట్టుకుని, పై మనిషి కట్టు పూర్తయిందని చెప్పేవరకు కదలకూడదు. ఫోను మోగినా వదలకూడదు.

పైకి చేరాక పిట్టగోడ దాటడం ఒక పని. అటు వైపు స్లాబు 3 అడుగుల కింద ఉంది. నేల అందక కాలు వేలాడేస్తూ పిట్టగోడ మీద కూర్చుని దిగడం ప్రమాదకరం. లోపలి వైపు అడుగున్నర ఎత్తున ఇటుకలతో సిమెంటు చేసి ఒక చిన్న గట్టు కట్టించుకోండి. నిచ్చెన మీద అంచు కన్నా రెండు మెట్లు కింద నిలబడి, మిగిలిన పై భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక కాలు పక్కగా తిప్పి ఆ గట్టు మీద పెట్టి, బరువు దాని మీదికి మారాకే రెండో కాలు తీయండి. బకెట్, బ్రష్, బ్లీచింగ్ పౌడర్ చేతిలో పట్టుకుని ఎక్కకండి, తాడు వేసి పైకి లాగండి.

మీరు వెనక సందు ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థమైంది. అక్కడ ప్రహరీ గోడ పాదానికి అడ్డంగా ఉంటుంది కాబట్టి జారదని అనుకుని ఉంటారు. జారడం విషయంలో అది నిజమే. కానీ 3 అడుగుల దూరంలో కోణం 79 డిగ్రీలకు చేరుతుంది. నిచ్చెన అంత నిటారుగా ఉంటే మనిషి శరీరం మెట్లకు వెనక ఉంటుంది కాబట్టి, కింది మెట్ల దగ్గర బరువు పాదాల గీతను దాటి బయటికి వెళ్లిపోతుంది. అప్పుడు తేలికైన అల్యూమినియం నిచ్చెన పైన గోడను వదిలి వెనక్కు వస్తుంది. సందులో వెనక్కు ఒరిగితే తల ప్రహరీకే తగులుతుంది. వెనకవైపే ఎక్కక తప్పదంటే గోడకు బోల్టులతో బిగించే ఇనుప మెట్ల నిచ్చెన చేయించండి, గోడకు ఆనించే నిచ్చెన అక్కడ వద్దు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు తీగ ఎక్కడ ఉందో ముందు చూడండి. 20 అడుగుల నిచ్చెన నిలబెట్టేటప్పుడు పక్కకు పడితే 20 అడుగుల దూరం వరకు దేనికైనా తగలగలదు. వాకిలి మీదుగానో వీధి వెంటనో తీగలు పోతుంటే, నిచ్చెన నిలబెట్టినప్పుడూ ఎక్కినప్పుడూ వాటికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. అంత దూరం దొరకకపోతే అల్యూమినియం నిచ్చెన ఆ ఇంటికి వద్దు. 11 కేవీ లైను దగ్గర అసలు ఏ నిచ్చెనా వేయకూడదు, లైన్‌మన్‌ను పిలిచి సప్లయి ఆపించి పని చేయాలి. వెదురు పొడిగా ఉన్నంతవరకే కాస్త నయం, తడిస్తే అదీ ప్రమాదమే.

కొనేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. జరిపి పొడిగించే నిచ్చెన 10, 10 అడుగుల రెండు ముక్కలది ఇస్తామంటారు, అది 20 కాదు. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి కనీసం 3 అడుగులు ఉండాలి, లేకపోతే మధ్యలో వంగుతుంది. అంటే 10, 10 కలిపితే 17 వస్తుంది, మీకు సరిపోదు. 12, 12 అయితే 21 వస్తుంది, మీకు అది సరైనది. పూర్తిగా పొడిగించాక కొక్కాలు రెండూ మెట్ల మీద సరిగ్గా కూర్చున్నాయో చూడాలి. మీ దగ్గర ఇప్పటికే 14 అడుగుల నిచ్చెన ఉంటే దాన్ని పారేయనవసరం లేదు. పైన 3 అడుగులు వదిలేస్తే 11 అడుగుల పొడవు, అంటే పదిన్నర అడుగుల ఎత్తున్న కొట్టం పైకప్పు ఎక్కడానికి అది పనికొస్తుంది. అక్కడ పాదం దూరం రెండున్నర అడుగుల నుంచి మూడడుగుల లోపు.

దిగేటప్పుడు పై కట్టు విప్పాలి కదా అని అడుగుతారు. మీ నిచ్చెన వాకిట్లోనే ఉంచేదైతే పైన తాడు విప్పకుండా వదిలేయండి. మళ్లీ లోపల పెట్టుకోవాలంటే, చివర దిగే మనిషి పై కట్టు విప్పే ముందు కింద ఇంకొకరు వచ్చి మొదట చెప్పినట్టే నిచ్చెన పట్టుకోవాలి. గ్రిల్‌కు కట్టిన కింది తాడును ఆ మనిషి నేల మీద కాలు పెట్టేవరకు ముట్టుకోకూడదు.